ఒక్క శాంపిల్‌తో మీడియన్‌కి స్టాండర్డ్ ఎర్రర్ ఎలా తీయాలి?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం. 8 ఎలుకలకి మందు ఇచ్చి ఒక్కోదానికి 3 సార్లు రీడింగ్ తీశా, మొత్తం 24. కొన్ని మరీ పెద్ద విలువలు వచ్చాయని సగటు బదులు మీడియన్ రాశా. గైడ్ మేడమ్ చూసి "పక్కన స్టాండర్డ్ ఎర్రర్ ఏది?" అన్నారు. ఎక్సెల్‌లో చూస్తే సగటుకి తప్ప దొరకలేదు. రూమ్మేట్ "బూట్‌స్ట్రాప్ చెయ్, ఉన్న 24 నుంచే మళ్ళీ మళ్ళీ తీస్తే వస్తుంది" అంటున్నాడు. ఉన్న డేటానే వెయ్యిసార్లు కాపీ కొడితే కొత్త సమాచారం ఎక్కడ్నుంచి వస్తుంది, ఇది దొంగలెక్క కాదా? పోనీ చేస్తే ఎన్నిసార్లు చెయ్యాలి, పదివేలు చేస్తే ఎర్రర్ ఇంకా తగ్గుతుందా?

సమాధానం:

తమ్ముడూ, కొత్త సమాచారం ఏమీ రాదు, అది నిజమే. కానీ బూట్‌స్ట్రాప్ చేసేవాడు కొత్త సమాచారం వచ్చిందని చెప్పడు కూడా. మీడియన్ దగ్గర నీకొచ్చిన నంబర్ వెయ్యిసార్లు చేసినా అదే, ఒక్క పిసరు కూడా మెరుగుపడదు. మనం కనుక్కునేది వేరే సంగతి, ఆ నంబర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు అని. ఆ సమాచారం ఆల్రెడీ నీ డేటాలోనే ఉంది, రీడింగులు ఒకదానికొకటి ఎంత చెదిరి ఉన్నాయి అనే రూపంలో, దాన్ని బయటికి లాగడానికే ఈ తంతంతా.

స్టాండర్డ్ ఎర్రర్ అంటే ఏంటో ఒక్కసారి గుర్తు చేసుకో. నువ్వు ఇదే ప్రయోగం కొత్త ఎలుకలతో మళ్ళీ చేశావనుకో, మీడియన్ వేరే వస్తుంది, ఇంకోసారి చేస్తే ఇంకోటి వస్తుంది, అలా చాలాసార్లు చేసి వచ్చిన మీడియన్లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే ఆ మీడియన్ల స్టాండర్డ్ డీవియేషనే మీడియన్‌కి స్టాండర్డ్ ఎర్రర్. రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్ కాదు, మీడియన్లది. ఇక్కడ చాలామంది తడబడతారు కాబట్టి రెండోసారి చెప్తున్నా.

చిక్కేంటంటే మనం ప్రయోగం చేసేది ఒక్కసారే. సగటు విషయంలో మాత్రం అదృష్టం బావుండి ఒక ఫార్ములా ఉంది, రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్‌ని √n తో భాగిస్తే చాలు, ప్రయోగం రిపీట్ చెయ్యకుండానే సమాధానం వస్తుంది, ఎక్సెల్ నీకు చూపించింది కూడా దాన్నే. మీడియన్‌కి కూడా పెద్ద శాంపిల్స్‌కి పనికొచ్చే ఫార్ములా ఒకటి లేకపోలేదు, కానీ దాంట్లో అసలు జనాభాలో మీడియన్ చుట్టుపక్కల విలువలు ఎంత ఒత్తుగా ఉన్నాయో వెయ్యాలి, మనకి తెలియనిదే అది. 1979లో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న బ్రాడ్లీ ఎఫ్రాన్ దీనికి దారి చూపించాడు. అసలు జనాభా మన చేతిలో లేదు కదా, దాని గురించి మన దగ్గరున్న ఒకే ఒక్క బొమ్మ ఈ శాంపిల్, కాబట్టి కాసేపు ఈ శాంపిలే జనాభా అనుకుని ప్రయోగాన్ని దీని మీదే రిపీట్ చేసి చూద్దాం అన్నాడు. అంతే, ఇందులో ఉన్న నమ్మకం ఆ ఒక్కటే, శాంపిల్ జనాభాని పోలి ఉంటుంది అని. అది చెడితే మొత్తం చెడుతుంది, దాని సంగతి తర్వాత చూద్దాం.

నీ 24 రీడింగులు నా దగ్గర లేవు, అందుకని ఎఫ్రాన్, ఆయన సహచరుడు టిబ్షిరానీ పాఠం చెప్పడానికి వాడిన చిన్న డేటా తీసుకుంటా, నీకు దగ్గరగానే ఉంటుంది, చిట్టెలుకల లెక్కే. సర్జరీ చేసిన 16 చిట్టెలుకల్లో 7 కి చికిత్స ఇచ్చారు, 9 కి ఇవ్వలేదు, ఎవరికి ఇవ్వాలన్నది లాటరీ. సర్జరీ తర్వాత ఎన్ని రోజులు బతికాయో రాశారు. చికిత్స ఇచ్చిన ఏడింటివి ఇవీ: 94, 197, 16, 38, 99, 141, 23. వరసగా పేరిస్తే 16, 23, 38, 94, 99, 141, 197. మధ్యలోది 94, అదే మీడియన్. సగటు 86.86.

ఇప్పుడు ఏడు చీటీలు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో నంబర్ రాసి డబ్బాలో వెయ్యి. ఒక చీటీ తియ్యి, నంబర్ రాసుకో, చీటీని మళ్ళీ డబ్బాలో వేసెయ్యి, కలుపు, ఇంకోటి తియ్యి. ఇలా ఏడుసార్లు. చీటీ వెనక్కి వెయ్యడం మర్చిపోతే ఏడు చీటీలూ బయటికొచ్చేసి ప్రతిసారీ అదే శాంపిల్ వస్తుంది, మీడియన్ ప్రతిసారీ 94 వస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ సున్నా అని తేలుతుంది. ప్రోగ్రాంలో రాసినప్పుడు సున్నా వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాగే ఏడుంటే ఏడేసార్లు తియ్యాలి, ఐదు కాదు ఇరవై కాదు, ఎందుకంటే మనకి కావాల్సింది ఏడు ఎలుకల ప్రయోగంలో మీడియన్ ఎంత ఊగుతుందనేది. డెబ్భై తీస్తే డెబ్భై ఎలుకల ప్రయోగానికి సమాధానం వస్తుంది, అది నువ్వు చెయ్యలేదు కదా.

నేను తీశాననుకో, మొదటిసారి 38, 94, 94, 16, 141, 99, 38 వచ్చాయి. పేరిస్తే మధ్యలోది 94. 38 రెండుసార్లు వచ్చింది, 94 రెండుసార్లు వచ్చింది, 23, 197 అసలు రాలేదు, ఫర్వాలేదు, అలాగే ఉండాలి. ఫలానా ఎలుక అని ఒకదాన్ని ముందే అనుకుంటే, అది ఒక రీశాంపిల్‌లో అసలు కనపడకపోయే అవకాశం (6/7)⁷, అంటే నూటికి 34. రెండోసారి 23, 23, 197, 38, 16, 141, 23 వచ్చాయి, మీడియన్ 23. మూడోసారి 99, 197, 99, 38, 141, 94, 99, మీడియన్ 99. నాలుగోసారి మీడియన్ 38, ఐదోసారి మళ్ళీ 94 అనుకుందాం. ఈ ఐదు మీడియన్లు 94, 23, 99, 38, 94. వీటి స్టాండర్డ్ డీవియేషన్ తీస్తే 36.1 వస్తుంది. ఇదే మీడియన్‌కి బూట్‌స్ట్రాప్ స్టాండర్డ్ ఎర్రర్, ఐదుసార్లు మాత్రమే చేసిన ముతక లెక్క. దీన్ని మళ్ళీ √7 తోనో √5 తోనో భాగించకూడదు, అలవాటుకొద్దీ చెయ్యి అటే పోతుంది. √n తో భాగించేది రీడింగుల స్టాండర్డ్ డీవియేషన్‌ని, ఇక్కడ మనం తీసింది మీడియన్లది, పని అయిపోయింది.

ఐదు తక్కువ కదా, కంప్యూటర్‌కి చెప్దాం. పైథాన్‌లో ఇంతే:

```python
import numpy as np
rng = np.random.default_rng(7)
x = np.array([94, 197, 16, 38, 99, 141, 23])
B = 2000
med = [np.median(rng.choice(x, size=len(x), replace=True))
       for _ in range(B)]
print(np.std(med, ddof=1))
```

రన్ చేస్తే 38 కి అటూ ఇటూగా వస్తుంది. సరిగ్గా ఎంత రావాలో కూడా చెప్పగలను, ఏడు నంబర్లే కాబట్టి సాధ్యమయ్యే వరసలు 7⁷, అంటే 8,23,543, అన్నిటినీ లెక్కలోకి తీసుకుని కాగితం మీదే తేల్చొచ్చు. అలా తేల్చితే 37.83. కంప్యూటర్ చేసే రాండమ్ చీటీలాట ఈ 37.83 ని పట్టుకోవడానికి అడ్డదారి మాత్రమే, పెద్ద డేటాకి అన్ని వరసలూ లెక్కపెట్టలేం కాబట్టి ఆ అడ్డదారి తప్పదు.

ఈ పద్ధతిని నమ్మొచ్చా అని నీకింకా డౌట్ ఉంటే సమాధానం ముందే తెలిసిన చోట పరీక్ష పెట్టు. `np.median` తీసేసి `np.mean` పెట్టి సగటుకి బూట్‌స్ట్రాప్ చెయ్యి, 23.4 చుట్టుపక్కల వస్తుంది. ఫార్ములా ప్రకారం సగటుకి స్టాండర్డ్ ఎర్రర్ 25.24. దగ్గరగా ఉన్నాయి కానీ ఒకటి కాదు, ఈ తేడా రాండమ్ వల్ల వచ్చింది కూడా కాదు, కోటిసార్లు చేసినా 23.36 దగ్గరే ఆగుతుంది. కారణం ఏంటంటే ఫార్ములాలో స్టాండర్డ్ డీవియేషన్ తీసేటప్పుడు n−1 తో భాగిస్తాం, బూట్‌స్ట్రాప్ మాత్రం శాంపిల్‌నే జనాభా అనుకుంటుంది కాబట్టి n తో భాగించినట్టు లెక్క. 7 ఉన్నప్పుడు √(6/7), అంటే దాదాపు ఏడున్నర శాతం తక్కువ చూపిస్తుంది. 24 ఉంటే రెండు శాతం, వంద ఉంటే అర శాతం, పట్టించుకోనక్కర్లేదు. చిన్న శాంపిల్స్‌లో బూట్‌స్ట్రాప్ కొంచెం ధీమాగా మాట్లాడుతుందని మాత్రం గుర్తుంచుకో.

ఇక ఎన్నిసార్లు చెయ్యాలి అన్న ప్రశ్న. ఇక్కడ రెండు రకాల తప్పు ఉంటుంది, వాటిని విడదీసి చూడకపోవడం వల్లే "పదివేలు చేస్తే ఎర్రర్ తగ్గుతుందా" అని అడుగుతారు. ఒకటి చీటీలాట వల్ల వచ్చే తప్పు. B అంటే ఎన్ని రీశాంపిల్స్ తీశామో ఆ సంఖ్య, B తక్కువైతే ఒకసారి 36 వస్తుంది, ఇంకోసారి 40 వస్తుంది. ఈ ఊగడం సుమారుగా 1/√(2B) వంతు ఉంటుంది, అంటే 50 సార్లు చేస్తే పది శాతం, 200 చేస్తే ఐదు శాతం, 2000 చేస్తే ఒకటిన్నర శాతం. స్టాండర్డ్ ఎర్రర్ ఒక్కటే కావాలంటే 200 కూడా చాలని ఎఫ్రాన్ వాళ్ళు అప్పట్లో చెప్పారు, కంప్యూటర్లు నెమ్మదిగా ఉన్న రోజులవి. ఇప్పుడు 2000 చెయ్యడానికి కన్ను మూసి తెరిచేంత సమయం కూడా పట్టదు కాబట్టి 2000 చెయ్యి, పదివేలు చేసినా నష్టం లేదు, కానీ లాభం కూడా దాదాపు ఏమీ లేదు.

రెండోది ఏడే ఎలుకలు ఉండడం వల్ల వచ్చే తప్పు. దీన్ని B తగ్గించలేదు. B పెంచుతూ పోతే సమాధానం 37.83 దగ్గర స్థిరపడుతుంది అంతే, 30 కి దిగదు, 10 కి దిగదు. ఎలుకలు పెరిగితేనే తగ్గుతుంది. ఎవరైనా B పెంచితే తన స్టాండర్డ్ ఎర్రర్ తగ్గిందని చూపిస్తే అతను ఎక్కడో √B తో భాగించాడని అర్థం, కోడ్ చూడకుండానే చెప్పెయ్యొచ్చు.

ఆ 37.83 ని కూడా కళ్ళు మూసుకుని మింగకు. మీడియన్ల హిస్టోగ్రామ్ ఒకటి వేసి చూడు, నునుపైన గుట్టలా ఉండదు, ఏడు కర్రలు పాతినట్టు ఉంటుంది, ఎందుకంటే బేసి సంఖ్యలో చీటీలు తీసినప్పుడు మీడియన్ ఆ ఏడు నంబర్లలో ఒకటే అవ్వాలి, వేరే దారి లేదు. లెక్క వేస్తే 94 దగ్గర నూటికి 31 సార్లు, 38 దగ్గర 24, 99 దగ్గర 24, 23 దగ్గర 10, 141 దగ్గర 10, చివరి రెండింటి దగ్గర చెరొకటి. ఇప్పుడు 38 కీ 94 కీ మధ్య చూడు, అక్కడ ఏ ఎలుకా లేదు, 56 రోజుల ఖాళీ. రీశాంపిల్స్‌లో నూటికి 35 సార్లు మీడియన్ ఆ ఖాళీకి ఇటువైపు పడుతోంది, 65 సార్లు అటువైపు పడుతోంది, మన స్టాండర్డ్ ఎర్రర్‌లో పెద్ద భాగం ఆ ఒక్క గెంతే.

దాని మీద ఎంత ఆధారపడి ఉందో చూడాలంటే ఒక చిన్న పని చెయ్యి, 38 రోజులు బతికిన ఎలుక 80 రోజులు బతికిందనుకుని అదే కోడ్ మళ్ళీ నడుపు. మీడియన్ మారదు, ఇంకా 94 ఏ. కానీ స్టాండర్డ్ ఎర్రర్ 37.8 నుంచి 30.3 కి పడిపోతుంది. ఒక్క ఎలుక జాతకం మారితే ఐదో వంతు కొట్టుకుపోయింది. ఏడింటి శాంపిల్‌లో మీడియన్ స్టాండర్డ్ ఎర్రర్ అంటే అంత పలచని నంబర్, దశాంశాలు రాసి గంభీరంగా చూపించే సరుకు కాదు, "సుమారు 38" అని రాస్తే చాలు. సగటుకి అయితే ఇంత గరుకుగా ఉండదు, ఎందుకంటే సగటు ప్రతి నంబర్‌నీ కొంచెం కొంచెం వాడుకుంటుంది, మీడియన్ మధ్యలో ఉన్న ఒకటి రెండింటి మీద వాలి కూర్చుంటుంది. నీ డేటాకి కూడా ముందు ఆ హిస్టోగ్రామ్ వెయ్యి, కర్రలు తక్కువగా ఉండి మధ్యలో పెద్ద ఖాళీ కనపడితే మేడమ్‌కి ఆ బొమ్మ కూడా చూపించు.

ఇప్పుడు అసలు నీ డేటా దగ్గరికి వద్దాం, నీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఇక్కడ, నువ్వు అడగలేదు గానీ. మీ రూమ్మేట్ 24 నుంచి 24 తియ్యమంటున్నాడు. వద్దు. నీ దగ్గర ఉన్నవి 24 వేర్వేరు ఎలుకలు కాదు, 8 ఎలుకలు. ఒకే ఎలుక దగ్గర మూడుసార్లు తీసిన రీడింగులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, ఆ ఎలుక ఒళ్ళే అంత కాబట్టి. 24 చీటీలు వేసి కలిపేస్తే ఆ మూడూ దేనికదే స్వతంత్రం అన్నట్టు బూట్‌స్ట్రాప్ అనుకుంటుంది, లేని 24 ఎలుకల్ని నీకు అంటగట్టి స్టాండర్డ్ ఎర్రర్ చిన్నది చేసి చూపిస్తుంది. ఎంత చిన్నది అంటే, మరీ విపరీతంగా ఆలోచించు, ప్రతి ఎలుక దగ్గరా మూడు రీడింగులూ అచ్చం ఒకటే అనుకో, అప్పుడు నిజంగా నీ దగ్గరున్నది 8 నంబర్లే, కానీ లెక్క 24 అనుకుని వేస్తోంది, సగటుకైతే స్టాండర్డ్ ఎర్రర్ √3 రెట్లు, అంటే 1.7 రెట్లు తక్కువ వస్తుంది, మీడియన్‌కి కూడా దాదాపు అదే కథ. నిజజీవితంలో రీడింగులు అచ్చం ఒకటిగా ఉండవు కాబట్టి నీ తప్పు దీనికంటే తక్కువ ఉంటుంది, కానీ దిశ మాత్రం అదే, ఉన్నదానికంటే నమ్మకంగా కనపడతావు. నువ్వు దొంగలెక్క అన్నావే, అది రీశాంపిల్ చెయ్యడం కాదు, ఇదీ.

సూత్రం ఏంటంటే ప్రయోగం నిజంగా రిపీట్ చేస్తే ఏది కొత్తగా వస్తుందో దాన్నే చీటీ మీద రాయాలి. నువ్వు రిపీట్ చేస్తే కొత్త ఎలుకలు వస్తాయి, వాటితోపాటు వాటి మూడేసి రీడింగులూ వస్తాయి. కాబట్టి 8 చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక ఎలుక, చీటీ తీస్తే దాని మూడు రీడింగులూ కలిసి రావాలి, ఒకే ఎలుక రెండుసార్లు వస్తే దాని మూడూ రెండుసార్లు రాసుకోవాలి. ఎనిమిది చీటీలు తీసేసరికి మళ్ళీ 24 నంబర్లు అవుతాయి, వాటి మీడియన్ తియ్యి. కోడ్‌లో `X` అనేది 8 వరుసలు, 3 నిలువు గళ్ళు ఉన్న టేబుల్ అనుకో, ఒక వరుస ఒక ఎలుక:

```python
med = []
for _ in range(2000):
    idx = rng.integers(0, 8, size=8)
    med.append(np.median(X[idx]))
print(np.std(med, ddof=1))
```

`idx` లో 0 నుంచి 7 దాకా ఎనిమిది నంబర్లు వస్తాయి, రిపీట్ అవుతూ, అవే ఎలుకల నంబర్లు. ముందు రూమ్మేట్ చెప్పినట్టు చేసి ఒక నంబర్ రాసుకో, తర్వాత ఇలా చేసి ఇంకోటి రాసుకో, రెండోది చెప్పుకోదగ్గంత పెద్దగా వస్తే ఎలుకకీ ఎలుకకీ తేడా ఎక్కువ అని, రెండూ దాదాపు ఒకటే వస్తే ఒకే ఎలుక లోపలే రీడింగులు బాగా ఊగుతున్నాయని అర్థం. ఎలా వచ్చినా థీసిస్‌లో పెట్టాల్సింది రెండోదే. ఇంకా సులువు దారి కావాలంటే ఒక్కో ఎలుకకి మూడు రీడింగుల మీడియన్ తీసి 8 నంబర్లు చేసుకుని మొదటి కోడ్ వాడు, అదీ తప్పు కాదు, కాకపోతే అప్పుడు నువ్వు రిపోర్ట్ చేసే మీడియన్ కూడా ఆ 8 నంబర్లదే అవ్వాలి, ఒక దాని మీడియన్ రాసి ఇంకోదాని స్టాండర్డ్ ఎర్రర్ పక్కన పెట్టకు. ఏ దారిలో వెళ్ళినా నీ దగ్గరున్నది ఎనిమిదే అన్న నిజం మారదు, పైన ఏడు ఎలుకల దగ్గర చెప్పిన గరుకుదనం నీకూ వర్తిస్తుంది.

మందు ఇవ్వని గ్రూప్ కూడా నీ దగ్గర ఉండే ఉంటుంది, రాయలేదు గానీ. మేడమ్ తర్వాతి ప్రశ్న అదే అవుతుంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. ఇందాకటి చిట్టెలుకల్లో చికిత్స లేని తొమ్మిదీ బతికిన రోజులు 52, 104, 146, 10, 50, 31, 40, 27, 46. మీడియన్ 46. చికిత్స ఇచ్చినవాటి మీడియన్ 94, తేడా 48 రోజులు, రెట్టింపు బతికినట్టు కనపడుతుంది, పోస్టర్ మీద వేసుకోవాలనిపిస్తుంది. బూట్‌స్ట్రాప్‌లో రెండు డబ్బాలు పెట్టాలి, ఏడింటి డబ్బా నుంచి ఏడు, తొమ్మిదింటి డబ్బా నుంచి తొమ్మిది, రెండు మీడియన్లు, వాటి తేడా, అలా 2000 తేడాలు, వాటి స్టాండర్డ్ డీవియేషన్. పదహారూ ఒకే డబ్బాలో కలిపెయ్యకూడదు, అది వేరే పరీక్షకి చేసే పని. తొమ్మిదింటి మీడియన్‌కి స్టాండర్డ్ ఎర్రర్ 12.9 వస్తుంది, తేడాకి దాదాపు 40. 48 రోజుల తేడా, దాని వెనక 40 రోజుల ఊగిసలాట, అంటే తేడా తన స్టాండర్డ్ ఎర్రర్‌కి 1.2 రెట్లే, దాని మీద ఏ నిర్ణయమూ చెయ్యలేం. రెండు మీడియన్లు మాత్రమే రాసి వదిలేస్తే చదివేవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు, మేడమ్ అడిగింది అందుకే.

ఇది ఎక్కడైనా పనిచేసేస్తుందని మాత్రం అనుకోకు. "అత్యధికంగా ఎంత వచ్చింది" అని గరిష్ఠ విలువకి బూట్‌స్ట్రాప్ చేస్తే బోల్తా పడుతుంది. ఏడు ఎలుకల్లో గరిష్ఠం 197, రీశాంపిల్స్‌లో నూటికి 66 సార్లు ఆ 197 ఏ మళ్ళీ వస్తుంది, అంతకంటే పెద్దది ఒక్కసారి కూడా రాదు, ఎందుకంటే డబ్బాలో లేనిది చేతికి రాదు. నిజంగా కొత్త ఎలుకలు తెస్తే వాటిలో 210 రోజులు బతికేది ఉండొచ్చు కదా. శాంపిల్ జనాభాని పోలి ఉంటుందన్న నమ్మకం మధ్యలో బానే నిలబడుతుంది, అంచుల్లో విరిగిపోతుంది. ఎలుకల్ని ఎంచుకోవడంలోనే పక్షపాతం ఉంటే, అంటే బలంగా ఉన్నవే నీ చేతికి వచ్చి ఉంటే, దాన్ని కూడా ఇది పట్టుకోలేదు, ఆ పక్షపాతాన్నే రెండువేలసార్లు తిప్పి చూపిస్తుంది.

థీసిస్‌లో ఏం రాయాలంటే, మీడియన్ విలువ, పక్కన స్టాండర్డ్ ఎర్రర్, కింద ఒక్క వాక్యం: "స్టాండర్డ్ ఎర్రర్‌ని 2000 బూట్‌స్ట్రాప్ రీశాంపిల్స్‌తో లెక్కించాం, ఎలుకని యూనిట్‌గా తీసుకుని, ఒక్కో ఎలుక మూడు రీడింగులనూ కలిపే తీశాం". n ఎంత అన్న చోట 24 అని కాదు, "8 ఎలుకలు, ఒక్కోదానికి 3 రీడింగులు" అని రాయి. `default_rng` లో వేసిన సీడ్ నంబర్ కూడా మెథడ్స్‌లో రాసిపెట్టు, వైవాలో ఎవరైనా నీ కోడ్ నడిపితే దశాంశంతో సహా అదే నంబర్ రావాలి, లేదంటే 37.6 ఎందుకొచ్చింది 38.1 ఎందుకొచ్చింది అని అరగంట దాని మీదే పోతుంది.